రెండే శక్తి స్థాయిలుంటే హీట్ కెపాసిటీ ఎందుకు పెరిగి తగ్గుతుంది? నైట్రిక్ ఆక్సైడ్‌తో లెక్క

ప్రశ్న: సర్, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది. 0, ε అనే రెండు శక్తి స్థాయిలే ఉన్న వ్యవస్థకి పార్టిషన్ ఫంక్షన్ Z రాసి, దాన్నుంచి శక్తి U, U నుంచి హీట్ కెపాసిటీ C తీశాను. గ్రాఫ్ వేస్తే C పైకెళ్లి మళ్లీ సున్నాకి దిగిపోతోంది. వేడి చేస్తుంటే హీట్ కెపాసిటీ తగ్గడం ఏమిటి? నా లెక్కలో తప్పుందా? ఇలాంటిది నిజంగా ఏ పదార్థంలోనైనా ఉందా? ఆక్సిజన్ పరమాణువుకి కూడా ఇదే ఫార్ములా వాడొచ్చా?

సమాధానం:

మీ గ్రాఫ్ సరైనదే. రెండు స్థాయిల వ్యవస్థలో C అలాగే ఒక శిఖరం ఎక్కి దిగాలి. దీన్ని 1922లో వాల్టర్ షాట్కీ వివరించాడు కాబట్టి షాట్కీ శిఖరం అంటారు. నిజమైన పదార్థం కావాలంటే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు, అంటే NO ఉంది. ఆక్సిజన్ పరమాణువుకి మాత్రం ఈ ఫార్ములా నేరుగా పనికిరాదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

NO పేరు చెప్పగానే నా ఎమ్మెస్సీ రోజులు గుర్తొస్తాయి. గది ఉష్ణోగ్రత దగ్గర కొన్ని వాయువుల Cp లెక్కకట్టి టేబుల్‌తో పోల్చమని హోంవర్క్ ఇచ్చారు. రెండు పరమాణువుల అణువుకి చలనం నుంచి 3/2 R, భ్రమణం నుంచి R, స్థిర పీడనం కాబట్టి ఇంకో R, మొత్తం 7/2 R. అంటే మోల్‌కి, కెల్విన్‌కి 29.10 జౌల్. (ఇకపై హీట్ కెపాసిటీ దగ్గర జౌల్ అన్నచోటల్లా మోల్‌కి, కెల్విన్‌కి అని చదువుకోండి.) నైట్రోజన్‌కి టేబుల్లో 29.12, కార్బన్ మోనాక్సైడ్‌కి 29.14. అద్భుతంగా కలిశాయి. NOకి మాత్రం టేబుల్లో 29.84 ఉంది. కంపనం నుంచి వచ్చే 0.08 కలిపినా నాకు 29.18 దగ్గర ఆగిపోయింది. 0.66 జౌల్ ఎక్కడికి పోయిందో తెలియక పక్కన "ప్రయోగ దోషం" అని రాసేసి ఇచ్చాను. మా సారు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "కొలిచినవాళ్లు అంత చేతకానివాళ్లు కాదు, నువ్వే ఒక శక్తి స్థాయిని మర్చిపోయావు" అని రాశారు. ఆ 0.66 జౌలే మీ ప్రశ్నకి జవాబు. దాన్నే వెతుకుదాం.

ముందు స్థాయిలు ఎక్కడివో చూద్దాం

NOలో ఎలక్ట్రాన్ల సంఖ్య బేసి, పదిహేను. ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా పై ఆర్బిటాల్లో ఉంటుంది. దానికి అణువు అక్షం చుట్టూ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం 1 ఉంటుంది, స్పిన్ వల్ల ఇంకో 1/2 ఉంటుంది. ఈ రెండూ ఎదురెదురుగా ఉంటే మొత్తం 1/2, ఒకే వైపు ఉంటే 3/2. ఈ రెండు అమరికల శక్తి ఒకటి కాదు. 1/2 ఉన్నది కింద, 3/2 ఉన్నది దానికి సుమారు 121 cm⁻¹ పైన. వీటి పైన వచ్చే ఎలక్ట్రానిక్ స్థాయి దాదాపు నలభై వేల cm⁻¹ దూరంలో ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో అక్కడికి ఎవరూ చేరరు. కాబట్టి ఎలక్ట్రానిక్ భాగం వరకు NO అచ్చంగా రెండు స్థాయిల వ్యవస్థే.

121 cm⁻¹ని అలాగే ఫార్ములాలో పెట్టకండి. దాన్ని ముందు ఉష్ణోగ్రతగా మార్చుకుంటే పని తేలిక. 1 cm⁻¹ అంటే 1.4388 కెల్విన్. 121.1ని దానితో గుణిస్తే ε/k = 174.2 కెల్విన్. దీన్ని θ అందాం. ఇక లెక్కంతా θ/T అనే ఒక్క నిష్పత్తి మీదే నడుస్తుంది, దాన్ని x అందాం.

Z నుంచి U

రెండు స్థాయిలకీ డిజెనరసీ, అంటే ఒకే శక్తి ఉన్న స్థితుల సంఖ్య, 1 అనుకుని మొదలుపెడదాం (అది నిజానికి ఎంతో తర్వాత చూద్దాం).

```
β = 1/kT
Z = 1 + e^(−βε)
p = e^(−βε) / Z = 1 / (e^(βε) + 1)
U = −N · d(ln Z)/dβ = N ε p
```

ఇక్కడ p అంటే ఒక అణువు పై స్థాయిలో ఉండే అవకాశం. ln Zని β తో అవకలనం చేస్తే శక్తి ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. చేసి చూస్తే మాయేం లేదు. Zలోని e^(−βε)ని అవకలనం చేస్తే ఒక −ε కిందికి దిగుతుంది, ln వల్ల మొత్తం Zతో భాగించబడుతుంది. మిగిలింది ఒక్కో స్థాయి శక్తిని ఆ స్థాయిలో ఉండే అవకాశంతో గుణించి కూడినదే, అంటే సగటు. కింది స్థాయి శక్తి సున్నా కాబట్టి దాని వాటా సున్నా. పై స్థాయి వాటా εp. అందుకే నా విద్యార్థులకి ఒక మాట చెప్తుంటాను: అవకలనం చేసి వచ్చిన Uని, εని pతో గుణించి వచ్చిన Uతో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే అవకలనంలోనే తప్పుంది. ఇంకో మాట, అణువులు ఒకదానికొకటి తేడా తెలియనివి కాబట్టి N!తో భాగించాలి కదా అని కొందరు ఆగిపోతారు. ln N! ఉష్ణోగ్రత మీద ఆధారపడదు, కాబట్టి Uలోనూ Cలోనూ దాని ఊసే ఉండదు.

ఇప్పుడు U రెండు చివరలా ఎలా ఉంటుందో చూడండి. T చాలా తక్కువైతే p సున్నా, U సున్నా. T ఎంత పెంచినా e^(−βε) 1 దాటదు, కాబట్టి p సగం దాటదు. U కూడా Nε/2 దగ్గర ఆగిపోతుంది. చాలామంది మనసులో, బాగా వేడి చేస్తే అణువులన్నీ పై స్థాయికి వెళ్లిపోతాయని ఒక బొమ్మ ఉంటుంది. అది తప్పు. వేడి పెరిగేకొద్దీ రెండు స్థాయిల మధ్య తేడా పట్టించుకోదగ్గది కాకుండా పోతుంది, అంతే. పై స్థాయి ఎక్కువ ఇష్టమయ్యే పరిస్థితి ఏ మామూలు ఉష్ణోగ్రత దగ్గరా రాదు.

మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. U ఒక చోట మొదలై ఇంకో చోట ఆగిపోయే వక్రం. దాని వాలే C. మొదట్లో వాలు లేదు, చివర్లో వాలు లేదు, మధ్యలో మాత్రం ఉండక తప్పదు. అంటే C మధ్యలో ఎక్కడో శిఖరం ఎక్కి తీరాలి.

U నుంచి C

పరీక్ష పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఈ మెట్టు మీదే. U మన చేతిలో β రూపంలో ఉంది, C కావాలంటే Tతో అవకలనం చేయాలి. రెండు మెట్లుగా చేస్తే తప్పు జరగదు.

```
dp/dβ = −ε p (1 − p)
dβ/dT = −1/(kT²)
C = dU/dT = N k x² p (1 − p),   x = ε/kT = θ/T
```

పుస్తకాల్లో ఇదే e^x / (1 + e^x)² రూపంలో కనిపిస్తుంది. రెండూ ఒకటే, ఎందుకంటే p(1 − p) అంటే అదే. నాకు మాత్రం p(1 − p) రూపమే ఇష్టం, ఎందుకంటే అందులో అర్థం కళ్లెదుటే ఉంటుంది.

ఒక మేడ ఉన్న ఇల్లు అనుకోండి. వేడి ఇవ్వడం అంటే కింద ఉన్నవాళ్లని మేడ ఎక్కించడం. బాగా చల్లగా ఉన్నప్పుడు కింద బోలెడు మంది ఉన్నా మెట్లెక్కే శక్తి ఎవరికీ లేదు, p సున్నాకి దగ్గర. ఉష్ణోగ్రత ఒక కెల్విన్ పెంచినా కొత్తగా ఎక్కేవాళ్లు దాదాపు లేరు, కాబట్టి వేడి తీసుకోదు. బాగా వేడిగా ఉన్నప్పుడు పైనా కిందా సగం సగం ఉన్నారు. ఇంకో కెల్విన్ పెంచితే మారేది ఏమీ లేదు, కాబట్టి మళ్లీ వేడి తీసుకోదు. మధ్యలో మాత్రం ఒక్కో కెల్విన్‌కీ గుంపులు గుంపులుగా ఎక్కుతుంటారు.

ఈ పోలికతో ఒక చిక్కుంది. p(1 − p) మాత్రమే చూస్తే అది p = 1/2 దగ్గర, అంటే అనంత ఉష్ణోగ్రత దగ్గర ఎక్కువ. మరి శిఖరం అక్కడ ఎందుకు లేదు? దానికి కారణం ముందున్న x². అందులో ఒక x, ఎక్కే ప్రతివాడూ మోసుకెళ్లే శక్తి kTతో పోలిస్తే ఎంతో చెప్తుంది. ఇంకో x, ఒక కెల్విన్ పెరుగుదల β ని ఎంత కదుపుతుందో చెప్తుంది. 10 కెల్విన్ నుంచి 11కి వెళ్తే β పదో వంతు దాకా మారుతుంది. 1000 నుంచి 1001కి వెళ్తే మారిందని కూడా తెలియదు. ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర p(1 − p) 1/4 దగ్గర నిలిచిపోతుంది, x² మాత్రం పడిపోతూనే ఉంటుంది. అందుకే శిఖరం దాటాక C, 1/T² లాగా మెల్లగా దిగుతుంది. చల్లని వైపు మాత్రం e^(−x) వల్ల నిటారుగా పడిపోతుంది. మీ గ్రాఫ్‌లో ఎడమ వైపు గోడలాగా, కుడి వైపు పొడుగాటి వాలులాగా ఉందా? ఉంటే మీ లెక్క సరైందే.

శిఖరం ఎక్కడో కచ్చితంగా కావాలంటే Cని xతో అవకలనం చేసి సున్నాకి సమానం చేయండి. వచ్చే షరతు e^x = (x + 2)/(x − 2). దీన్ని చేతితో సాధించలేం, కానీ కాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని: x = 2.40. ఆ షరతునే Cలో తిరిగి పెడితే శిఖరం ఎత్తు (x² − 4)/4 అని చక్కగా తేలుతుంది, అంటే 0.44 R, మోల్‌కి 3.65 జౌల్. శిఖరం ఉష్ణోగ్రత 0.417 θ.

ఇక్కడ ఆగి ఒకటి గమనించండి. శిఖరం దగ్గర p ఎంత? 0.083. అంటే పై స్థాయిలో ఉన్నది ఎనిమిది శాతమే! kT, ε సమానమైన చోట శిఖరం ఉంటుందని, లేదా సగం మంది పైకెళ్లిన చోట ఉంటుందని వైవాలో చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. రెండూ తప్పే. జనం ఎక్కడం మొదలైన తొలి దశలోనే శిఖరం వచ్చేస్తుంది.

NOలో పోయిన 0.66 జౌల్

ఇప్పుడు θ = 174.2 కెల్విన్‌ని పెట్టి చూద్దాం. గది ఉష్ణోగ్రత 298.15 కెల్విన్ అయితే x = 0.584, e^x = 1.794. దాన్నుంచి p = 1/2.794 = 0.358. అంటే మన గదిలో ఒక సిలిండర్‌లో NO ఉంటే అందులో మూడో వంతుకి పైగా అణువులు ఇప్పటికే మేడ మీద ఉన్నాయి. U = R θ p = 518 జౌల్ ఒక మోల్‌కి. C కోసం x² అంటే 0.341ని 0.358తో, 0.642తో గుణిస్తే 0.0785 వస్తుంది. Rతో గుణిస్తే 0.65 జౌల్.

29.10, 0.08, 0.65 కూడితే 29.83. టేబుల్లో 29.84. దొరికింది!

నాకు ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ చాలా ఏళ్ల తర్వాత తెలిసిన ఒక విషయం ఆ సంతోషాన్ని కొంచెం తగ్గించింది, మీకు ముందే చెప్తాను. వాయువుల Cp టేబుళ్లలో చాలా విలువలు కెలోరీమీటర్‌తో కొలిచినవి కావు. స్పెక్ట్రం నుంచి శక్తి స్థాయిలు తీసుకుని, ఇదే పార్టిషన్ ఫంక్షన్‌తో లెక్కకట్టినవి. కాబట్టి టేబుల్‌తో కలిసిందంటే మీ లెక్క సరైందని తేలుతుంది గానీ, ప్రయోగం దాన్ని రుజువు చేసిందని అనుకోకూడదు. మా సారు "కొలిచినవాళ్లు" అన్నారు గానీ, ఆ సంఖ్య వెనక ఉన్నది స్పెక్ట్రోస్కోపీ వాళ్ల కొలత.

మరి శిఖరం సంగతి? 0.417ని 174.2తో గుణిస్తే 73 కెల్విన్ వస్తుంది. NO వాయువు 121 కెల్విన్ దగ్గరే ద్రవమైపోతుంది, 110 దగ్గర గడ్డకడుతుంది. గడ్డలో NO అణువులు విడివిడిగా ఉండవు, రెండేసి జతకడతాయి. జత లేని ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, దాంతో మనం వాడిన రెండు స్థాయిలే అక్కడ ఉండవు. కాబట్టి NO శిఖరాన్ని శిఖరం రూపంలో ఎవరూ చూడలేరు. వాయువులో కనిపించేది శిఖరం కుడి వైపు వాలు మాత్రమే. అదీ తక్కువేం కాదు. లెక్కిస్తే 125 కెల్విన్ దగ్గర ఎలక్ట్రానిక్ వాటా 2.57 జౌల్, 200 దగ్గర 1.31, 298 దగ్గర 0.65. మొత్తం Cp చూస్తే 31.67 నుంచి 30.41కి, అక్కడి నుంచి 29.83కి తగ్గుతుంది. ఆ తర్వాత కంపనం అందుకుని మళ్లీ పైకి తీసుకెళ్తుంది, 400 కెల్విన్‌కి 29.92. వేడి చేస్తే హీట్ కెపాసిటీ తగ్గడం ఏమిటని అడిగారు కదా, గది ఉష్ణోగ్రత కింద NO మొత్తం Cp సరిగ్గా అదే చేస్తుంది.

ఒక జాగ్రత్త. Cp మొత్తంగా ఎప్పుడూ సున్నాకి దిగదు. దిగేది ఈ రెండు స్థాయిల వాటా ఒక్కటే. చలనం, భ్రమణం వాటాలు దాని కింద నేల లాగా ఉండనే ఉన్నాయి. మీ గ్రాఫ్‌లో సున్నాకి వెళ్లడం చూసి కంగారు పడ్డారంటే బహుశా ఈ తేడా మర్చిపోయి ఉంటారు.

డిజెనరసీ: Cలో కనపడదు, ఎంట్రోపీలో దొరికిపోతారు

ఇందాక డిజెనరసీ 1 అనుకున్నాం. నిజానికి NOలో రెండు స్థాయిలకీ అది 2. కోణీయ ద్రవ్యవేగం అక్షం వెంట ఇటూ అటూ ఉండొచ్చు కాబట్టి. సరైన Z = 2 + 2e^(−x). ఈ 2 బయటికి వచ్చేస్తుంది, ln Zలో స్థిరరాశి ln 2 అవుతుంది, అవకలనంలో పోతుంది. U, C మారవు. అందుకే Cp సరిగ్గా వచ్చిందని Z సరైనదే అనుకుంటే మోసపోతారు. ఎంట్రోపీ లెక్కలో ln Z నేరుగా వస్తుంది, అక్కడ R ln 2 అంటే 5.76 జౌల్ తేడా పడుతుంది. 298 కెల్విన్ దగ్గర NO ప్రమాణ ఎంట్రోపీ 210.76. డిజెనరసీ 2 పెడితే చలనం 151.3, భ్రమణం 48.3, ఎలక్ట్రానిక్ 11.2, మొత్తం 210.8 వచ్చి కూర్చుంటుంది. 1 పెడితే 205 దగ్గర ఆగిపోతారు.

ఇక్కడ మాత్రం కెలోరీమీటర్ నిజంగానే సాక్ష్యానికి వచ్చింది. 1929లో జాన్‌స్టన్, జియోక్ ఘన NOని 14 కెల్విన్ నుంచి వేడి చేస్తూ హీట్ కెపాసిటీ కొలిచి, దాన్నుంచి ఎంట్రోపీ తీశారు. అది స్పెక్ట్రం లెక్క కంటే సుమారు 3 జౌల్ తక్కువ వచ్చింది. ఈ తేడా (R ln 2)/2, అంటే 2.88కి దగ్గర. దీనికి ఇచ్చే వివరణ ఘనంలోని జతలే: ఒక్కో జత స్ఫటికంలో రెండు రకాలుగా కూర్చోగలదు, చల్లబడినా ఆ అస్తవ్యస్తం అలాగే గడ్డకట్టి ఉండిపోతుంది. రెండు అణువులకి ఒక జత కాబట్టి మోల్‌కి R ln 2లో సగం. ఇలాంటి తేడా వస్తే ముందు "ప్రయోగ దోషం" అని రాయకుండా, అది R ln 2కి ఎంత దగ్గరగా ఉందో చూడడం నాకు ఆ హోంవర్క్ తర్వాత అలవాటైంది.

రెండు స్థాయిల డిజెనరసీలు వేరువేరైతే Cలోనూ ప్రభావం ఉంటుంది. కింద g₀, పైన g₁ అయితే శిఖరం షరతు (g₀/g₁) e^x = (x + 2)/(x − 2) అవుతుంది, ఎత్తు మాత్రం అదే (x² − 4)/4. పైన రెట్టింపు గదులుంటే ఎత్తు 0.76 R దాకా పెరుగుతుంది. క్లోరిన్ పరమాణువులో కింద 4, పైన 2, మధ్య దూరం 882 cm⁻¹. అక్కడ శిఖరం 570 కెల్విన్ దగ్గర, ఎత్తు 0.24 R మాత్రమే.

మీ లెక్కలో తప్పుందో లేదో ఎలా పట్టుకోవాలి

డిజెనరసీలు సమానమైతే శిఖరం ఎత్తు 0.44 R తప్ప వేరే ఏదీ రాకూడదు, ε ఎంతైనా సరే. ε మారితే శిఖరం పక్కకి జరుగుతుంది గానీ ఎత్తు మారదు. మీకు 0.22 R వచ్చిందంటే ఒక x ఎక్కడో జారిపోయింది, దాదాపు ఖాయంగా dβ/dT దగ్గరే. C రుణాత్మకంగా వస్తే అదే చోట గుర్తు పోయింది. ఎత్తు సరిగ్గా ఉండి శిఖరం తప్పు ఉష్ణోగ్రత దగ్గర ఉంటే యూనిట్లు చూడండి. 121 cm⁻¹ని కెల్విన్ అనుకుని పెట్టేస్తే గది ఉష్ణోగ్రత దగ్గర NO వాటా 0.65 బదులు 0.33 వస్తుంది, సగం. ఈ తప్పు నేను చూసినన్ని సార్లు ఇంకే తప్పూ చూడలేదు.

కంప్యూటర్లో వేస్తుంటే e^x రూపం వాడకండి. T సున్నాకి దగ్గరైతే e^x హద్దు దాటి, Cకి బదులు `nan` వస్తుంది. e^(−x) రూపంలో ఆ గొడవ లేదు:

```python
import numpy as np
R, theta = 8.314, 174.2
T = np.array([20, 72.6, 125, 298.15, 1000])
x = theta / T
y = np.exp(-x)
p = y / (1 + y)
U = R * theta * p
C = R * x**2 * p * (1 - p)
print(np.round(C, 2))
```

20 కెల్విన్ దగ్గర 0.10, 72.6 దగ్గర 3.65, 1000 దగ్గర 0.06 రావాలి. మధ్యవి పైన చెప్పినవే.

ఇక ఆక్సిజన్ పరమాణువు

దీని అడుగున ఉన్నవి రెండు కాదు, మూడు స్థాయిలు: 0, 158, 227 cm⁻¹ దగ్గర. డిజెనరసీలు వరసగా 5, 3, 1. మూడోది దూరంగా ఉంటే వదిలేయొచ్చు, కానీ అది రెండోదానికి పక్కనే ఉంది. రెండు స్థాయిల ఫార్ములాని 5, 3తో వాడితే గది ఉష్ణోగ్రత దగ్గర 0.83 జౌల్ వస్తుంది. అది చాలదు.

ఇలాంటప్పుడు కొత్త ఫార్ములా వెతక్కండి. p(1 − p) అసలు ఏమిటో గుర్తు తెచ్చుకోండి. ఒక అణువు శక్తి 0 గానీ ε గానీ అయితే, ఆ శక్తి విస్తృతి ε² p(1 − p). అంటే మన C ఫార్ములా నిజానికి శక్తి విస్తృతిని kT²తో భాగించడమే. ఇది ఎన్ని స్థాయిలున్నా నిలబడుతుంది:

```
C = N ( <E²> − <E>² ) / kT²
```

ఆక్సిజన్‌కి చేసి చూద్దాం. cm⁻¹ నుంచి కెల్విన్‌కి మార్చి 298.15తో భాగిస్తే పై రెండు స్థాయిల x విలువలు 0.764, 1.095. Z = 5 + 3(0.466) + 0.334 = 6.732. పై స్థాయిల్లో ఉండే అవకాశాలు 0.2076, 0.0497. x సగటు 0.213, x² సగటు 0.181. సగటు వర్గాన్ని తీసేస్తే 0.135, Rతో గుణిస్తే 1.12 జౌల్. చలనం, స్థిర పీడనం వాటా 5/2 R అంటే 20.79 కలిపితే 21.91. టేబుల్ తెరిచి చూడండి, అదే ఉంటుంది.